కాలని ఇటుక... గోడకు ఉప్పు

గోదావరి డెల్టాలో కాలవ గట్టు పక్కన ఓ ఊరు. విశ్రాంత ఉపాధ్యాయుడొకాయన ముచ్చటపడి ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశమై మూడో వర్షాకాలం కూడా దాటకముందే పడమటి గోడకి తెల్లటి పూత మొదలైంది. మొదట పిండి చల్లినట్టు కనిపించింది. తర్వాత రంగు పెచ్చులుగా లేచింది. ఆ తర్వాత ప్లాస్టరింగు కూడా అరచేయంత ముక్కలుగా రాలడం మొదలుపెట్టింది. నేల చెమ్మ అనుకుని మాస్టారు ఓసారి రంగు వేయించారు, ఓసారి పైపైన సిమెంటు పూయించారు. రెండూ ఏడాది తిరక్కుండానే ఊడి చేతికొచ్చాయి.

చివరికి తాపీ మేస్త్రిని పిలిపించి, ఆ గోడ మీద ప్లాస్టరింగు అంతా కొట్టించారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. గోడంతా పాడవలేదు. ఓ ఇటుక మేకుతో గీసినా గీత పడనంత గట్టిగా ఉంది. దాని పక్కదే గోటితో గీకితే పిండిలా రాలుతోంది. మళ్ళీ నాలుగు గట్టివి, రెండు పొడివి. గోడ మొత్తం చదరంగం బల్లలా ఉంది.

''ఇది నేల చెమ్మ కాదండీ మాస్టారూ. నేల చెమ్మయితే కిందనుంచి పట్టీలా వరసగా ఎక్కుతుంది. ఇది ఇటుకని బట్టి ఉంది. ఆవం మొత్తం ఒకే రేటుకి తోలించుకున్నారు కదండీ, అంచు ఇటుకా నడిమి ఇటుకా కలిసిపోయింది'' అన్నాడు మేస్త్రి.

ఆయన మాటలో ఉన్నది అనుభవం. దాని వెనక ఉన్న శాస్త్రం కూడా అదే చెబుతుంది. ఒకే మట్టి, ఒకే అచ్చు, ఒకే రోజు పోసిన ఇటుకలు... మంటలో కూర్చున్న చోటును బట్టి ఒకటి రాయిలా, ఒకటి మన్నులా తయారవుతాయి. అంతేకాదు, ఉప్పు ఎక్కువ మిగిలేదీ ఆ మన్నులాంటి ఇటుకలోనే!

ఆవంలో ఏం జరుగుతుంది?

మన దగ్గర ఇటుక కాల్చే చోటు ఏదైనా బట్టీ అనేస్తారు. కానీ పద్ధతులు రెండు. పచ్చి ఇటుకల్ని గుట్టగా పేర్చి, అడుగున మంటపెట్టి, ఒకేసారి మొత్తం కాల్చేది ఆవం. కొన్నిచోట్ల ఆము, వాము అనీ అంటారు. ఆంధ్రా, తెలంగాణల్లోనూ, దక్షిణాది అంతటా ఎక్కువగా కనిపించేది ఇదే. రెండోది పొడవాటి పొగగొట్టం ఉండే శాశ్వతమైన బట్టీ. గంగా మైదానంలో వీటిదే రాజ్యం.

ఆవం పేర్చేటప్పుడు అడుగున అడ్డంగా సొరంగాల్లాంటి గూళ్ళు వదులుతారు. వాటిలో కట్టెలు పెడతారు. వరసల మధ్య ఊకో, బొగ్గుపొడో చల్లుతారు. గోదావరి జిల్లాల్లో రైసు మిల్లుల పుణ్యమా అని ఊకకి కొదవ లేదు. పేర్చడం అయ్యాక వేడి బయటికి పోకుండా చుట్టూ మట్టి మెత్తుతారు. అంటుకున్న మంట కిందనుంచి నెమ్మదిగా పైకి పాకుతుంది. ఆవం పరిమాణాన్ని బట్టి కాలడానికి, చల్లారడానికి వారాలు పడుతుంది.

చిక్కంతా ఇక్కడే. గూళ్ళ పక్కన ఉన్న ఇటుకలకి మంట నేరుగా తగులుతుంది. అవి మాడిపోతాయి. నడిమధ్య ఉన్నవాటికి చుట్టూ ఇటుకలే దుప్పటిలా ఉంటాయి కాబట్టి వేడి నిలిచి, చక్కగా కాలతాయి. నాలుగు వైపులా అంచుల్లో, పైవరసల్లో ఉన్నవాటికి వేడి అందీ అందకముందే గాలికి పోతుంది. ఒక్కసారి మట్టి మెత్తి నిప్పు పెట్టాక, లోపల ఎక్కడ ఎంత కాలుతోందో చూసి సరిదిద్దే వీలు దాదాపు లేదు. గాలివాటు మారితే ఒక పక్క మాడి, మరో పక్క పచ్చిగా మిగిలిపోవచ్చు. నడివానలో ఆవం తడిస్తే చెప్పక్కర్లేదు. ఆవంలో నూటికి 60 దాకా మంచి ఇటుక వస్తుందని, సరైన బట్టీలో 90 దాకా వస్తుందని ఇంజినీరింగు పాఠ్యపుస్తకాల లెక్క. ఆ మిగిలిన 40 ఎక్కడికి వెళుతుందన్నదే కొనేవారు వేసుకోవాల్సిన ప్రశ్న.

అరిసెల పాకం లాంటిదే

మట్టి ఇటుకగా మారడం అరిసెల పాకం పట్టడం లాంటిది. లేతపాకమైతే అరిసె విడిపోతుంది. ముదిరితే రాయవుతుంది. ఇటుకకీ అలాంటి పాకమే ఉంది. అది డిగ్రీల్లో ఉంటుంది, అంతే తేడా.

ముందు ఇటుకలోని తడి ఆవిరవుతుంది. 450 నుంచి 600 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య బంకమట్టి రేణువుల్లో రసాయనికంగా కలిసి ఉన్న నీరు పోతుంది. ఇక ఆ మట్టిని నీళ్ళలో వేసినా మళ్ళీ బురద కాదు. కాబట్టి 700 డిగ్రీలు చూసిన ఇటుక కూడా చూడ్డానికి ఎర్రగా, ఇటుకలాగే ఉంటుంది. కానీ రేణువులు పక్కపక్కన ఆనుకుని ఉన్నాయే తప్ప అతుక్కోలేదు. సుమారు 900 డిగ్రీలు దాటాక మట్టిలోని సోడియం, పొటాషియం, ఇనుము లాంటివాటి సాయంతో కొంత భాగం కరిగి గాజులా మారుతుంది. ఆ గాజే పాకం. రేణువుల సందుల్లోకి చేరి వాటిని అతికిస్తుంది, సన్నటి రంధ్రాల్ని మూస్తుంది. చాలా మట్టి ఇటుకలకి సరైన కాల్పు 900 నుంచి 1000 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మట్టిని బట్టి కాస్త అటూ ఇటూ. అది మించిపోతే గాజు ఎక్కువై, ఇటుక మెత్తబడి, సొట్టలుపడి, ఒకదానికొకటి అంటుకుపోతుంది.

సరిగా కాలని ఇటుకలో బలం తక్కువన్నది అందరికీ తెలిసిందే. భారతీయ ప్రమాణాల ప్రకారం అతి తక్కువ తరగతి ఇటుక కూడా చదరపు సెంటీమీటరుకు సుమారు 35 కిలోల ఒత్తిడికి తట్టుకోవాలి. అయితే రెండంతస్తుల ఇంట్లో తొమ్మిదంగుళాల గోడ అడుగున పడే బరువు మామూలుగా చదరపు సెంటీమీటరుకు నాలుగైదు కిలోలు మించదు. సిమెంటు మాలుతో కలిపి కట్టిన గోడ బలం విడి ఇటుక బలంకన్నా బాగా తక్కువే అయినా, తేడా చాలానే ఉంది. అందుకే కాలని ఇటుకలు కలిసిన ఇల్లు ఆ రోజే కూలదు. ఏళ్ళ తరబడి నిలబడుతుంది కూడా. 'ఏమీ కాలేదుగా' అనిపించేది అందుకే. అసలు నష్టం బరువుతో రాదు, నీటితోనూ ఉప్పుతోనూ వస్తుంది.

ఉప్పు ఎక్కణ్నుంచి వచ్చింది?

గోడ మీద పూసేది కూరలో వేసే ఉప్పే కానక్కర్లేదు. ఇటుకలో ఎక్కువగా ఉండేవి సల్ఫేటు లవణాలు. సోడియం, పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం సల్ఫేట్లన్నమాట. అవి మూడు దారుల్లో వస్తాయి. మట్టిలోనే ఉండొచ్చు. చవుడు నేలలో తీసిన మట్టయితే ఇక చెప్పనే అక్కర్లేదు. మట్టి పిసకడానికి వాడిన ఉప్పునీళ్ళతో రావచ్చు. మూడోది చాలామందికి తట్టని దారి: పొగ.

బొగ్గులో గంధకం ఉంటుంది. అది కాలినప్పుడు వెలువడే వాయువు ఆవంలో కిందనుంచి పైకి పోతూ ఇంకా వేడెక్కని ఇటుకల్ని తాకుతుంది. మట్టిలో సున్నం పాలు ఉంటే ఆ వాయువుతో కలిసి కొత్తగా సల్ఫేటు తయారవుతుంది. అంటే కింది వరసల పొగ పైవరసలకి ఉప్పు పెడుతుంది. ఊకలో, కట్టెల్లో గంధకం తక్కువ కాబట్టి వాటితో ఈ బెడద తక్కువ.

ఇప్పుడు కాల్పు సంగతికి వద్దాం. ఇటుక బాగా వేడెక్కితే ఈ సల్ఫేట్లలో చాలా భాగం విడిపోతుంది. గంధకం వాయువుగా బయటికి పోతుంది. మిగిలిన సోడియం, పొటాషియం, మెగ్నీషియంలు గాజు పాకంలో చిక్కుకుని నీటికి కరగని రూపంలో బందీ అవుతాయి. కాల్షియం సల్ఫేటు మాత్రం మొండిది. దాన్ని విడగొట్టాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాలి. అయితే అది నీటిలో అంతగా కరగదు కాబట్టి గోడకి చేసే చేటు తక్కువ. అసలు దొంగలు సోడియం, మెగ్నీషియం సల్ఫేట్లే. ఆవం అంచునున్న ఇటుక ఆ వేడిని చూడనే లేదు. పొగ తెచ్చిన ఉప్పు చేరింది, మట్టిలోని ఉప్పు పోలేదు, దాన్ని బంధించే గాజు పుట్టలేదు. పైగా లోపలంతా తెరిచి ఉన్న రంధ్రాలే. నీళ్ళు తాగడానికి స్పాంజిలా సిద్ధంగా ఉంటుంది.

వాన పడినప్పుడు ఆ ఇటుక నీళ్ళు పీలుస్తుంది. ఉప్పు కరుగుతుంది. ఎండ రాగానే నీరు గోడ ముఖం వైపు నడిచి ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే ఆగి స్ఫటికాలవుతుంది. ముఖం మీద ఆగితే తెల్లపూతే, చీపురుతో పోతుంది. ప్లాస్టరింగు వెనక, ఇటుక లోపలి రంధ్రాల్లో ఆగితేనే ప్రమాదం. పొడి సోడియం సల్ఫేటు నీటిని కలుపుకుని స్ఫటికంగా మారినప్పుడు దాదాపు నాలుగు రెట్ల పరిమాణానికి ఉబ్బుతుంది. ఇరుకు రంధ్రంలో అలా ఉబ్బితే గోడని లోపల్నుంచి ఉలితో కొట్టినట్టే. గట్టి ఇటుక ఆ దెబ్బ ఓర్చుకుంటుంది. రేణువులు అతుక్కోని ఇటుక ఓర్చుకోలేదు. ప్రతి వానా, ప్రతి ఎండా ఒక దెబ్బ. మాస్టారి గోడలో పొడయినవి ఆ ఇటుకలే.

బట్టీలో తేడా ఏమిటి?

బట్టీలో మంటే నడుస్తుంది, ఇటుకలు కదలవు. 1858లో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ హాఫ్‌మన్ వలయాకారపు బట్టీకి పేటెంటు పొందాడు. దాన్నే చవకగా, నేలలో కందకంలా తవ్వి కట్టే పద్ధతిని 1876లో బుల్ అనే బ్రిటిష్ ఇంజినీరు మన దేశంలో తీసుకొచ్చాడు. ఇప్పటికీ వాటిని బుల్స్ ట్రెంచ్ బట్టీలనే అంటారు.

కందకం చుట్టూ ఇటుకలు పేర్చి ఉంటాయి. మంట కొన్ని వరసల్లోనే ఉంటుంది. బయటి గాలి ముందు కాలి చల్లారుతున్న ఇటుకల మీదుగా వచ్చి వేడెక్కి మంటని చేరుతుంది. మంట దాటిన వేడి పొగ ముందున్న పచ్చి ఇటుకల్ని ఆరబెట్టి, వెచ్చబెట్టి, గొట్టంలోంచి పోతుంది. పనివాళ్ళు పైనున్న రంధ్రాల్లోంచి కొంచెం కొంచెంగా బొగ్గు వేస్తూ, లోపలి రంగు చూసి మంటని ముందుకు నడుపుతారు. వేడి తగ్గితే వెయ్యొచ్చు, ఎక్కువైతే ఆపొచ్చు. ఆవంలో లేనిదీ, బట్టీలో ఉన్నదీ ఆ అదుపే. వృథా తక్కువ కాబట్టి ఇంధనమూ తక్కువే పడుతుంది.

అలాగని గొట్టం కనబడగానే కళ్ళు మూసుకుని కొనేయకూడదు. బట్టీలోనూ పై వరస, గోడవార వరసలు తక్కువ కాలతాయి. బొగ్గు వాడతారు కాబట్టి గంధకం బెడదా ఉంటుంది. మరోవైపు ఆవం నడిమధ్య ఇటుక ఏ బట్టీ ఇటుకకీ తీసిపోదు. కాబట్టి అడగాల్సింది 'ఆవమా, బట్టీయా' అని కాదు. 'ఏరి ఇస్తారా, కలిపి ఇస్తారా' అని.

మాడింది మంచిదేనా?

మాడిన ఇటుకలో ఉప్పు బెడద తక్కువ, నీళ్ళు తాగదు, బలం ఎక్కువ. మరి గోడకి అదే పెట్టేస్తే? ఇక్కడే పొరబడతారు. మాడిన ఇటుక ముడుచుకుని చిన్నదవుతుంది, వంకరపోతుంది. వరస సమంగా రాక మాలు మందం పెరుగుతుంది. గాజులాంటి ముఖం నీటిని పీల్చదు కాబట్టి సిమెంటు మాలు దాన్ని సరిగా పట్టుకోదు. గోడకి ఇటుక ఎంత ముఖ్యమో, ఆ పట్టు అంతే ముఖ్యం. వేగంగా చల్లారి లోపల పగుళ్ళున్నవి కూడా ఉంటాయి.

అందుకే మేస్త్రులు మాడిన ఇటుకల్ని కంకరగా కొట్టించి పునాది కింద కాంక్రీటులోకి వాడతారు. అక్కడ నీళ్ళు తాగకపోవడమే దాని గొప్ప. సరిగా కాలని ఇటుకకీ ఒక పని ఉంది. దాన్ని పొడి కొట్టి సుర్కీగా సున్నంలో కలుపుతారు. మరీ మాడిన ఇటుక పొడికన్నా తక్కువ కాలిన మట్టి పొడే సున్నంతో బాగా కలిసి గట్టిపడుతుంది. తప్పు ఇటుకది కాదు, పెట్టిన చోటుది.

మాస్టారి వాకిట్లో మూడు ఇటుకలు

గోడ బాగుచేయించేముందు మాస్టారు కొత్త లోడు కోసం ఆవం దగ్గరికే వెళ్ళారు. ఈసారి అంచునుంచి ఒకటి, నడిమి నుంచి ఒకటి, గూడు పక్క నుంచి ఒకటి తెచ్చుకున్నారు. మూడూ ఒకే అచ్చువి. పక్కపక్కన పెడితే అంచుది కాస్త పెద్దగా, గూడు పక్కది చిన్నగా కనిపించాయి. బాగా ఎండబెట్టి కిరాణా కొట్టు కాటాలో తూచి, 24 గంటలు నీళ్ళలో ఉంచి, పైతడి తుడిచి మళ్ళీ తూచారు.

అంచు ఇటుక 2.9 కిలోల నుంచి 3.6 కిలోలకి పెరిగింది. అంటే తన బరువులో నూటికి 24 వంతుల నీళ్ళు తాగింది. నడిమిది 2.9 నుంచి 3.3కి వెళ్ళింది, నూటికి 14. మాడినది 2.85 నుంచి 2.99కి, నూటికి 5. మామూలు తరగతి ఇటుకలు 20 శాతం మించి తాగకూడదని ప్రమాణం. పొడిగా ఉన్నప్పుడు కాటాలో తేడా తెలియని ఇటుకలు నీళ్ళలో తమ గుట్టు చెప్పేశాయి.

ఆ తర్వాత ఉప్పు పరీక్ష. అవే రకాల మరో మూడు ఇటుకల్ని పళ్ళేల్లో నిలువుగా నిలబెట్టి, అంగుళం లోతు నీళ్ళు పోశారు. కుళాయి నీళ్ళలోనే ఉప్పుంటుంది కాబట్టి బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటరు వాడారు. గాలి ఆడే నీడలో నీళ్ళన్నీ ఇంకి ఆరిపోయేదాకా ఉంచి, మళ్ళీ అంతే నీళ్ళు పోసి ఆరనిచ్చారు. నడిమి ఇటుక పైన ఓ మూల సన్నటి తెల్లపొర వచ్చింది. పదో వంతు లోపుంటే అది స్వల్పం. అంచు ఇటుక సగానికి పైగా తెల్లబడి, చెయ్యి తగిలితే పొలుసులు రాలాయి. ప్రమాణాల్లో అది అన్నిటికన్నా చివరి మెట్టు, వాడకూడని రకం.

ఇంత చేసే తీరిక లేనివాళ్ళకి మేస్త్రి చిట్కాలున్నాయి. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే కంచు మోగినట్టు ఖంగుమనాలి. బొద్దుగా మోగితే కాలలేదనో, పగులుందనో అర్థం. గోటితో గీస్తే గీత పడకూడదు. ఒకటి విరిచి చూస్తే లోపల రంగు ఒకే తీరుగా ఉండాలి. రంగు ఒక్కటే నమ్ముకుంటే మాత్రం మోసపోతారు. ఇనుము ఎక్కువున్న మట్టి తక్కువ కాలినా ఎర్రగా మెరుస్తుంది. సున్నం ఎక్కువున్న మట్టి బాగా కాలినా పాలిపోయినట్టు కనిపిస్తుంది. లోడు పైన ఉన్న నాలుగిటుకల్ని కాదు, మధ్యలోంచి, అడుగునుంచి తీయించి చూడాలి.

గోడకి ఏం చేశారు?

ముందు నీళ్ళ దారి మూశారు. పడమటి వానకి అడ్డుగా చూరు లేదు, గోడని ఆనుకునే కుళాయి ఉంది. చూరు వేయించి, కుళాయి మార్చారు. ఉప్పుని కడగలేదు. కడిగితే అది కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, దులిపింది ఎత్తి పారేశారు. పొడయిపోయిన ఇటుకలు 43 తేలాయి. గోడ కుంగకుండా ఒక్కో చోట రెండు మూడు చొప్పున, పన్ను పీకినట్టు తీసి, నీళ్ళలో నానబెట్టిన కొత్త ఇటుకల్ని పెట్టారు. వేసవంతా గోడని ఆరనిచ్చారు. సిమెంటు బదులు సున్నం, ఇసుకల పూత వేయించారు. అది గాలి ఆడనిస్తుంది. మిగిలిన ఉప్పు బయటికి వచ్చినా ఆ పూతే పాడవుతుంది కానీ ఇటుక కాదు. కొన్నేళ్ళకి ఆ పూత మళ్ళీ వేయించుకోవాల్సిందే. ఒకసారి గోడలో చేరిన ఉప్పు పూర్తిగా పోదు.

కొత్త ఇటుక దిగిన రోజు మాస్టారు ప్రతి వందకీ రెండు చొప్పున తీయించి మోగించి చూశారు. ''ఇంత చూస్తే ఆవం వాడు మనకి ఇటుకే అమ్మడండీ'' అని మేస్త్రి నవ్వాడు. బొద్దుగా మోగినవి ఓ పక్క కుప్ప పెరుగుతోంది. మాస్టారు దాని వైపు చూపించి, ''అవి తిరిగి లారీ ఎక్కించు. లేదంటే సుర్కీకి ఉంచు. గోడకి మాత్రం వద్దు'' అన్నారు.